పసిబిడ్డ తొలి వారాలు: ఏం చూస్తుంది, ఏం వింటుంది, ఏం చేస్తుంది?

కాన్పు గది నుంచి బిడ్డను తెచ్చి ఇంటివాళ్ల చేతుల్లో పెట్టగానే మన ఇళ్లలో మొదట జరిగేది చెవి దగ్గర అజాన్ పలకడం. ఆ గొంతుకు కొందరు బిడ్డలు ఏడుపు ఆపుతారు. కొందరు కళ్లు విప్పుతారు. కొందరు నిద్రలోంచి కదలనైనా కదలరు. "వింటోంది చూడండి" అని పెద్దవాళ్లు మురిసిపోతారు. పక్కనే ఉన్న ఇంకొకరు "ఇప్పుడే దానికేం తెలుస్తుంది, నెల దాటాలి" అంటారు. ఈ రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది, కొంత పొరపాటు ఉంది.

పుట్టిన బిడ్డకు చూపు, వినికిడి, వాసన, రుచి, స్పర్శ అన్నీ మొదటి రోజు నుంచే పనిచేస్తాయి. అయితే అన్నీ ఒకే స్థాయిలో ఉండవు. వాసన, స్పర్శ బాగా సిద్ధమై వస్తాయి. చూపు అన్నిటికంటే వెనుకబడి ఉంటుంది. వీటికి తోడు ఎవరూ నేర్పకుండానే బిడ్డ చేసే కొన్ని పనులు ఉంటాయి. రొమ్ము వెతుక్కోవడం, చప్పరించడం, వేలు పట్టుకోవడం, ఉలిక్కిపడడం అలాంటివి. వీటిలో చాలావాటిని ఇంట్లో కూర్చునే గమనించవచ్చు. ఒక్క వినికిడిని మాత్రం కంటితో చూసి తేల్చలేం. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ సంగతికే కేటాయించాను.

జానెడు దూరం చూపు

పుట్టిన బిడ్డకు స్పష్టంగా కనిపించేది సుమారు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం వరకే. అంటే జానెడు, మహా అయితే జానెడున్నర. తల్లి పాలిచ్చేటప్పుడు ఆమె ముఖానికీ బిడ్డ కళ్లకూ మధ్య ఉండే దూరం కూడా దాదాపు అంతే. అంతకు మించిన దూరంలో ఉన్నవి మసకగా, ఆకారాలుగా మాత్రమే తెలుస్తాయి. గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపే మేనత్తను బిడ్డ పలకరించలేదంటే తప్పు బిడ్డది కాదు.

ఆ కొద్ది దూరంలో కూడా బిడ్డ అన్నిటినీ సమానంగా చూడదు. నలుపు తెలుపుల తేడా బాగా ఉన్నచోట, అంచులు ఉన్నచోట చూపు నిలుపుతుంది. మనిషి ముఖమంటే మరీ ఇష్టం. నుదుటికీ జుట్టుకూ మధ్య ఉండే గీత, కళ్లు, కనుబొమలు దాని చూపును లాగుతాయి. బిడ్డ మెలకువగా, ఏడవకుండా ఉన్నప్పుడు మీ ముఖాన్ని జానెడు దూరంలో పెట్టి, మాట్లాడకుండా చాలా నెమ్మదిగా ఒక పక్కకు జరపండి. కొన్ని క్షణాలు ఆగి, ఆ తర్వాత కళ్లు, కొన్నిసార్లు తల కూడా, మీ వెంట కాస్త తిరుగుతాయి. మొదటి వారాల్లో ఇది తడబడుతూ జరుగుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకల్లా ముఖాన్ని చక్కగా వెంబడిస్తుంది, ఎదుటివారిని చూసి నవ్వుతుంది. అంతకు ముందు నిద్రలో కనిపించే నవ్వు మనల్ని చూసి నవ్వినది కాదు.

మొదటి రెండు మూడు నెలలు అప్పుడప్పుడు కళ్లు మెల్లగా అనిపించడం మామూలే. రెండు కళ్లనూ ఒకచోట నిలిపే కండరాల పొందిక ఇంకా కుదరదు. కానీ మెల్ల ఎప్పుడూ అలాగే ఉన్నా, మూడు నాలుగు నెలలు దాటినా తగ్గకపోయినా కంటి డాక్టరుకు చూపించాలి. కంటిపాప నల్లగా కాక తెల్లగా మెరుస్తున్నట్టు కనిపిస్తే మాత్రం ఒక్క వారం కూడా ఆగకూడదు. అది పుట్టుకతో వచ్చే శుక్లం కావచ్చు, కంటిలో గడ్డ కావచ్చు. పుట్టు శుక్లాన్ని మొదటి రెండు నెలల్లోపే తీయగలిగితే చూపు బాగా వచ్చే అవకాశం ఉంటుంది. వెలుతురు లోపలికి వెళ్లని కంటికి మెదడు చూడడం నేర్పదు. ఆ నేర్చుకునే కాలం దాటిపోయాక ఆపరేషన్ చేసినా ఫలితం కొంతే.

నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డల సంగతి వేరు. వాళ్ల కంటి వెనుక పొరలోని రక్తనాళాలు ఇంకా పెరుగుతూ ఉంటాయి. అవి దారి తప్పి పెరిగితే పొర ఊడి చూపు పోవచ్చు. పైకి ఏమీ కనిపించదు. అందుకే 34 వారాలకు ముందు పుట్టినవారికీ, రెండు కిలోల లోపు బరువున్నవారికీ పుట్టిన 30 రోజుల్లోపు కంటిపాపలో మందు వేసి పరీక్ష చేయిస్తారు. మరీ చిన్నగా పుట్టినవారికి ఇంకా ముందే చేస్తారు. ఈ 30 రోజుల మాటను మన ప్రాంతంలో ప్రచారంలోకి తెచ్చిన వాటిలో హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఒకటి. బిడ్డ ఇంకా ఆసుపత్రిలో ఉన్నా, ఇంటికి వచ్చేసినా ఆ తేదీ మారదు.

ఇక్కడే ఒక చిన్న మాట. సుర్మా గానీ కాటుక గానీ పసిబిడ్డ కంటిలో పెట్టవద్దు. బజారులో దొరికే సుర్మాలలో సీసం ఉండడం చాలాచోట్ల బయటపడింది. సీసం కంటిలోంచీ, కన్ను నలిపిన చేతిని నోట్లో పెట్టుకున్నప్పుడూ ఒంట్లోకి చేరి, ఎదుగుతున్న మెదడుకు హాని చేస్తుంది.

వాసనతో వెతుక్కునే నోరు

పుట్టిన వెంటనే బిడ్డను తుడిచి తల్లి ఛాతీ మీద బోర్లా పడుకోబెడితే ఒక వింత కనిపిస్తుంది. కాసేపు ఊరికే ఉంటుంది. ఆ తర్వాత చేతులు నోట్లో పెట్టుకుని చప్పరిస్తుంది. కాళ్లతో తన్నుకుంటూ కొద్దికొద్దిగా రొమ్ము వైపు జరుగుతుంది. చాలామంది బిడ్డలు గంట లోపే రొమ్ము అందుకుంటారు. దారి చూపేది ముఖ్యంగా వాసన. కడుపులో ఉన్నప్పుడు మింగిన ఉమ్మనీటి వాసన బిడ్డకు పరిచయమే, రొమ్ము దగ్గరి వాసన దానికి దగ్గరగా ఉంటుంది. అందుకే తొలిపాలు పట్టే ముందు రొమ్మును సబ్బుతో రుద్ది కడగనక్కరలేదు.

బుగ్గ మీద, నోటి మూలన వేలితో తాకితే బిడ్డ ఆ వైపుకు తల తిప్పి నోరు తెరుస్తుంది. పాలిచ్చేటప్పుడు ఈ సంగతి బాగా అక్కరకొస్తుంది. బిడ్డ తలను వెనక నుంచి పట్టి రొమ్ముకు అదిమితే అది తాకిన చేతి వైపుకే తిరిగి గింజుకుంటుంది. తల వదిలేసి, మెడ కింద ఆనిచ్చి, చనుమొనను పై పెదవికి తాకించి ఆగితే నోరు తానే పెద్దగా తెరుచుకుంటుంది. "పాలు పట్టడం లేదు" అనుకునే చాలా సందర్భాల్లో లోపం బిడ్డలో ఉండదు, పట్టుకున్న తీరులో ఉంటుంది.

అయితే నిన్నటి దాకా బాగా చప్పరించిన బిడ్డ ఈ రోజు రొమ్ము అందుకోకపోయినా, అందుకుని వదిలేస్తున్నా, లేపినా లేవక వాలిపోతున్నా దాన్ని నిద్ర అనుకోవద్దు. నెలలోపు బిడ్డలకు ఒంట్లో ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు జ్వరం రాకపోవచ్చు, పైగా ఒళ్లు చల్లబడవచ్చు. పాలు మానేయడమే మొదటి గుర్తు అవుతుంది. ఆ రోజే, రాత్రయినా సరే, ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఉలికిపాటు చెప్పే కబురు

పడుకోబెట్టేటప్పుడు తల కాస్త వెనక్కి జారినా, దగ్గరలో పెద్ద చప్పుడైనా బిడ్డ రెండు చేతులూ ఒక్కసారి బారజాపి, వేళ్లు విప్పి, మళ్లీ ఎవరినో కౌగిలించుకున్నట్టు దగ్గరికి తెచ్చుకుంటుంది. ఆ వెంటనే ఏడుస్తుంది. బిడ్డ జడుసుకుందని ఇంట్లో కంగారు పడతారు. ఇది భయం కాదు, మెదడు కింది భాగం నుంచి వచ్చే సహజమైన చర్య. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో పనిచేసిన పిల్లల డాక్టరు ఎర్న్‌స్ట్ మోరో 1918లో దీన్ని వివరంగా రాశారు. ఆయన పేరుతోనే డాక్టర్లు దీన్ని మోరో రిఫ్లెక్స్ అంటారు. నాలుగు నుంచి ఆరు నెలలకు ఇది దానంతటదే పోతుంది.

చూడవలసింది రెండు చేతులూ సమానంగా లేస్తున్నాయా అన్నది. ఒక చెయ్యి లేచి రెండోది ఒంటికి ఆనుకునే ఉంటే, కాన్పు సమయంలో మెడ దగ్గరి నరాలు సాగి ఉండవచ్చు, లేదా భుజం దగ్గరి ఎముక విరిగి ఉండవచ్చు. బరువైన బిడ్డ భుజాలు ఇరుక్కుని పుట్టినప్పుడు ఇలా జరుగుతుంటుంది. ఎముక వారాల్లో అతుక్కుంటుంది. నరం సంగతి మాత్రం మొదటి నెలలోనే డాక్టరు చూడాలి. ఇంట్లో ఆ చేతిని లాగి, నూనె మర్దన చేసి సరిచేయబోవద్దు.

ఇంకో అనుమానం తరచుగా వస్తుంది. బిడ్డ చేతులు కాళ్లు వణికితే అది మూర్ఛా, మామూలు వణుకా? వణుకుతున్న చేతిని మీ చేతిలోకి మెత్తగా తీసుకుని మడిచి పట్టుకోండి. ఆగిపోతే సాధారణంగా మామూలు వణుకే. అయినా పదేపదే వస్తుంటే ఒంట్లో చక్కెర తగ్గిందేమో డాక్టరు చూస్తారు. పట్టుకున్నా మీ చేతిలోనే లయగా కొట్టుకుంటుంటే, కళ్లు ఒక పక్కకు నిలిచిపోతే మూర్ఛ కావచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

తల్లి గొంతు ముందే తెలుసు

ఇక చెవి సంగతి. బిడ్డ వినడం మొదలయ్యేది పుట్టాక కాదు, కడుపులో ఆరో నెల దాటుతుండగానే. అక్కడికి బయటి మాటలు నీళ్లలో మునిగి విన్నట్టు చేరతాయి. పదాలు స్పష్టంగా ఉండవు గానీ, గొంతు ఎత్తుపల్లాలు, మాట లయ చేరతాయి. అన్నిటికంటే బాగా చేరేది తల్లి గొంతు.

దీన్ని 1980లో అమెరికాలో ఆంథొనీ డికాస్పర్, విలియం ఫైఫర్ ఒక తేలికైన పద్ధతిలో చూపించారు. మూడు రోజులైనా నిండని బిడ్డల నోటికి పాలు రాని తిత్తి ఇచ్చి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టారు. ఒక తీరులో చప్పరిస్తే కన్నతల్లి గొంతు, ఇంకో తీరులో చప్పరిస్తే వేరే స్త్రీ గొంతు వినిపించేలా ఏర్పాటు చేశారు. బిడ్డలు కన్నతల్లి గొంతు వచ్చే తీరుకే తమ చప్పరింపును మార్చుకున్నారు. అంటే వాళ్లకు ఆ గొంతు వినిపించడమే కాదు, గుర్తుంది, కావాలనిపించింది కూడా.

ఉలిక్కిపడితే విన్నట్టేనా?

ప్రతి వెయ్యి మంది బిడ్డల్లో ఒకరి నుంచి ముగ్గురి దాకా వినికిడి లోపంతో పుడతారు. వాళ్లలో అత్యధికుల తల్లిదండ్రులకు వినికిడి బాగానే ఉంటుంది. "మా ఇంట్లో ఎవరికీ చెవుడు లేదు" అన్నది అందుకే భరోసా కాదు. పుట్టుకతో వచ్చే వినికిడి లోపంలో సగానికి పైగా వంశపారంపర్య కారణాల వల్లే వస్తుంది. తల్లిలో ఒక లోపభూయిష్టమైన జన్యువు, తండ్రిలో అలాంటిదే మరొకటి ఉండి, ఇద్దరి నుంచీ బిడ్డకు చేరినప్పుడు లోపం బయటపడుతుంది. తల్లిదండ్రులు ఇద్దరికీ ఏ ఇబ్బందీ ఉండదు. దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు జరిగే కుటుంబాల్లో ఈ రెండూ కలిసే అవకాశం ఎక్కువ. మేనరికాలు తెలుగునాట అన్ని మతాలవారిలోనూ ఉన్నాయి గనుక ఇది అందరి సంగతి.

ఇంట్లో మనం చేసే పరీక్ష చప్పట్లు కొట్టడం, లేదా పళ్లెం మీద గరిటెతో మోగించడం. బిడ్డ ఉలిక్కిపడితే చెవులు బాగున్నాయనుకుంటాం. ఇందులో మూడు చిక్కులున్నాయి. ముఖం దగ్గర చప్పట్లు కొడితే గాలి తగులుతుంది, నీడ కదులుతుంది, తలుపు వేస్తే మంచం అదురుతుంది. ఏమీ వినిపించని బిడ్డ కూడా వీటికి కదలవచ్చు. రెండోది, పళ్లెం మోత చాలా పెద్ద శబ్దం, మనిషి మాట దానికంటే ఎంతో తక్కువ. మోత వినిపించి మాట వినిపించని బిడ్డలు ఉంటారు. మూడోది దీనికి వ్యతిరేకం. మంచి వినికిడి ఉన్న బిడ్డ కూడా గాఢనిద్రలో కదలకపోవచ్చు, అదే శబ్దం నాలుగోసారి వస్తే పట్టించుకోకపోవచ్చు.

ఇంకా పెద్ద చిక్కు మరొకటి ఉంది. వినిపించని బిడ్డ కూడా అందరిలాగే ఏడుస్తుంది. రెండు మూడు నెలలకు ఊ కొడుతుంది. కళ్లతో పలకరిస్తుంది, నవ్వుతుంది. అందువల్ల ఎవరికీ అనుమానం రాదు. ఏడాదిన్నర, రెండేళ్లు వచ్చినా మాటలు రానప్పుడు "వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి" అని ఇంకొన్నాళ్లు ఆగుతారు. మెదడు మాటను నేర్చుకునే అతి విలువైన కాలం ఆ లోపు దాటిపోతుంది.

ఒక పాప కథ

ఈ పరీక్ష ఎలా సాగుతుందో చూపడానికి ఒక ఊహాజనితమైన ఉదాహరణ తీసుకుందాం. పాప నెలలు నిండి, రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములతో పుట్టింది. పాలు బాగా తాగుతోంది. తల్లిదండ్రులు మేనత్త మేనమామ బిడ్డలు. రెండో రోజు పాప నిద్రపోతుండగా చెవిలో మెత్తని చిన్న గొట్టం పెట్టి ఓ.ఏ.ఈ. అనే పరీక్ష చేశారు. అందులోంచి చిన్న టిక్కు శబ్దాలు లోపలికి వెళతాయి. బాగున్న లోపలి చెవి దానికి బదులుగా ఒక సన్నని ప్రతిధ్వని పంపుతుంది, గొట్టంలోని మైకు దాన్ని పట్టుకుంటుంది. నొప్పి ఉండదు, మత్తు అక్కరలేదు, కొన్ని నిమిషాల పని.

రెండు చెవులకూ "రిఫర్" అని వచ్చింది. అంటే చెవుడు అని కాదు, ఇంకోసారి చూడాలని. మొదటి రెండు రోజుల్లో చెవి గొట్టంలో కాన్పు నాటి తెల్లని జిగురు, నీరు మిగిలి ఉంటే మామూలు బిడ్డలకు కూడా ఇలాగే వస్తుంది. మళ్లీ చేసినప్పుడు ఎక్కువమంది దాటిపోతారు. మూడు వారాల తర్వాత రమ్మన్నారు. ఇంట్లో నానీ అడ్డు చెప్పింది. "మొన్న గిన్నె పడితే ఎంత ఉలిక్కిపడిందో నేను చూశాను బేటీ, చిల్లా కాకుండా పసిగుడ్డును ఎక్కడికి తిప్పుతారు?" అంది. "గిన్నె మోత కాదమ్మీ, నా మాట వినిపించాలి గదా" అని కూతురు వెళ్లింది. వెళ్లేవరకు చెవుల్లో నూనె పోయలేదు. నూనె చెవికి మంచిది కాదు, పరీక్షనూ చెడగొడుతుంది.

రెండోసారీ "రిఫర్" వచ్చింది. ఈసారి బెరా పరీక్షకు పంపారు. నుదుటి మీద, చెవుల వెనక చిన్న బిళ్లలు అతికించి, శబ్దం చెవి నరం గుండా మెదడు మొదలు దాకా చేరుతోందా అని చూసే పరీక్ష ఇది. రెండు నెలల పది రోజులకు ఫలితం తేలింది. రెండు చెవుల్లోనూ లోపం తీవ్రంగా ఉంది. గిన్నె మోత చెవికి తగిలింది, మాట తగలడం లేదు. నాలుగో నెలలో వినికిడి యంత్రాలు పెట్టారు. తల్లికి వారం వారం శిక్షణ మొదలైంది. ముఖం ఎదురుగా పెట్టి, జానెడు దూరం నుంచి మాట్లాడడం, ఒకే మాటను పనితో కలిపి మళ్లీ మళ్లీ చెప్పడం నేర్పారు. యంత్రాలతో సరిపడా లాభం కలగకపోతే ఏడాది వయసు నాటికి కాక్లియర్ ఇంప్లాంట్ గురించి ఆలోచిస్తారు.

ఈ కథలో తేదీలే ముఖ్యం. ఒక నెల లోపు మొదటి పరీక్షలు, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు చికిత్స మొదలు. అమెరికాలోని కొలరాడోలో క్రిస్టీన్ యోషినాగా ఇటానో బృందం 1998లో ప్రచురించిన పరిశీలనలో, ఆరు నెలల లోపు లోపం గుర్తించిన పిల్లలకు మాట, భాష ఆ తర్వాత గుర్తించినవారి కంటే స్పష్టంగా మెరుగ్గా వచ్చాయని తేలింది.

పరీక్షకూ కొన్ని హద్దులున్నాయి. ఓ.ఏ.ఈ. లోపలి చెవిని చూస్తుంది గానీ, అక్కడి నుంచి మెదడుకు వెళ్లే నరాన్ని చూడదు. అందుకని ఐదు రోజులకు మించి ఐ.సి.యు.లో ఉన్న బిడ్డకూ, రక్తం మార్చవలసినంత కామెర్లు వచ్చిన బిడ్డకూ బెరా తప్పనిసరిగా చేయించాలి. మొదట దాటిపోయినా, మెదడువాపు జ్వరం వంటివి వచ్చినా, కుటుంబంలో చిన్నప్పటి చెవుడు ఉన్నా మళ్లీ చూపించాలి. కొన్ని లోపాలు తర్వాత మొదలవుతాయి.

కేంద్ర ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుకతో వచ్చే చెవుడు, శుక్లం, నెలలు నిండని బిడ్డల కంటి జబ్బు మూడూ ఉన్నాయి. జిల్లా ఆసుపత్రుల్లోని డి.ఇ.ఐ.సి. కేంద్రాలు ఈ బిడ్డల కోసమే ఏర్పడ్డాయి. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేటప్పుడు కాగితాల్లో చెవి పరీక్ష ఫలితం ఉందా లేదా చూసుకోండి. లేకపోతే ఎక్కడ చేస్తారో అక్కడే అడిగి తెలుసుకోండి. అఖీఖా పనుల హడావిడిలో అది మరుగున పడిపోతుంటుంది. నలభై రోజులు బయటికి తేకూడదనే పట్టింపు ఉన్న ఇళ్లలో కూడా, చెవి పరీక్షకూ నెలలు నిండని బిడ్డ కంటి పరీక్షకూ గడువు 30 రోజులే. ఆ రెంటికీ చిల్లా స్నానం దాకా ఆగితే ఆలస్యమవుతుంది.